జాయినింగ్‌కి ముందు క్యూసీ మేనేజర్‌కి మెయిల్: ఏం చెప్పాలి, ఏం అడగాలి

ప్రశ్న: హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీలో మూడున్నరేళ్లు చేశాను, ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీ మీద. ఇప్పుడు వైజాగ్‌లో పరవాడ ఫార్మాసిటీలో ఆఫర్ వచ్చింది, వచ్చే సోమవారం జాయినింగ్. గాజువాకలో రూమ్ తీసుకున్నాను. నిన్న హెచ్‌ఆర్ వాళ్లు మేనేజర్ సార్ మెయిల్ ఐడీ ఇచ్చి "ఒకసారి పరిచయం చేసుకోండి" అన్నారు. ఏం రాయాలో అర్థం కావట్లేదు. ఏం అడిగితే బాగుంటుంది, ఏం అడగకూడదు? రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు, ఆ సంగతి ఆయనకి చెప్పాలా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

నేను ఆ చుట్టుపక్కలే ఒక ప్లాంట్‌లో క్యూసీ సెక్షన్ చూస్తున్నాను. ఇలాంటి మెయిళ్లు నాకు వస్తుంటాయి కాబట్టి, అందుకునేవాడి వైపు నుంచి చెప్తాను.

ముందు ఎప్పుడు పంపాలో చూద్దాం. సోమవారం జాయినింగ్ అంటే బుధవారం గానీ గురువారం గానీ పంపేయండి. శనివారం సాయంత్రం పంపితే ఆయన తెరిచేది సోమవారం పొద్దున. అప్పటికి మీరు గేటు దగ్గర నిలబడి ఉంటారు. పైగా క్యూసీ మేనేజర్ రోజంతా మెయిల్ ముందు కూర్చోడు. పొద్దున డిస్పాచ్‌కి వెళ్లాల్సిన బ్యాచ్‌ల గొడవ, మధ్యాహ్నం మీటింగ్, మధ్యలో ఎక్కడో ఒక రిజల్ట్ తేడా వచ్చిందని పిలుపు. మీ మెయిల్ చదివేది ఏ సాయంత్రమో, చాలాసార్లు బస్సులో కూర్చుని ఫోన్‌లో. స్క్రీన్ రెండు మూడుసార్లు జరిపితే అయిపోయేంత ఉంటే సరిపోతుంది.

ఇంకో సంగతి. ఆ మెయిల్ ఆయన దగ్గరే ఆగదు. చదివాక సెక్షన్ ఇన్‌ఛార్జ్‌కీ, డిపార్ట్‌మెంట్‌లో ట్రైనింగ్ ఫైళ్లు చూసే అతనికీ ఫార్వర్డ్ చేసేస్తాడు. నేనైతే పైన ఒక్క లైన్ రాసి పంపించేస్తాను, "సోమవారం వస్తున్నాడు, ఏర్పాట్లు చూడండి" అని. కాబట్టి జీతం మాటలు, పాత కంపెనీ ఎందుకు వదిలేశారో, ఇంటి ఇబ్బందులు ఇందులో వద్దు. నలుగురి చేతులు మారే కాగితం అనుకునే రాయండి.

ఇక అందులో తప్పకుండా ఉండాల్సింది, చాలామందికి తట్టనిది మీ పేరు. నవ్వుకోకండి. మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. వేరే ఆఫీసులో అయితే ఇది హెచ్‌ఆర్ తలనొప్పి, అంతే. క్యూసీలో అలా కాదు. మీ పేరు మొదటి రోజు నుంచే సంతకాల రిజిస్టర్‌లోకి, ట్రైనింగ్ రికార్డులోకి, హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ యూజర్ ఐడీలోకి వెళ్తుంది. ఆ తర్వాత మీరు చేసే ప్రతి టెస్టు మీద ఆ పేరే ప్రింట్ అవుతుంది. ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటే రేపు ఆడిట్‌లో "ఈ ఇద్దరూ ఒకరేనా" అని అడుగుతారు. సరిచేయాలంటే కాగితాలు, సంతకాలు, క్యూఏ అప్రూవల్, చాలా తతంగం. పీఎఫ్ కూడా అంతే, యూఏఎన్‌లో పేరు ఆధార్‌తో కలవకపోతే పాత ఖాతా బదిలీ దగ్గర ఇరుక్కుంటారు. అందుకే "ఆధార్ ప్రకారం నా పూర్తి పేరు ఇది" అని ఒక వాక్యం పెట్టండి. సర్టిఫికెట్లలో వేరేలా ఉంటే అదీ చెప్పండి. యూజర్ ఐడీ కోసం ఫారం నింపేవాడు దాన్నే చూసి ఎక్కిస్తాడు.

యూజర్ ఐడీ ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది. మీకు మూడున్నరేళ్లు హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగి ఉండొచ్చు. అయినా సోమవారం మీరు సిస్టమ్ ముట్టుకోలేరు. ఎవరి ఐడీ వాళ్లదే, ఇంకొకరి లాగిన్‌తో ఒక్క ఇంజెక్షన్ వేసినా అది డేటా ఇంటెగ్రిటీ తప్పు కింద లెక్క. మీ ఐడీ రావాలంటే డిపార్ట్‌మెంట్ రిక్వెస్ట్ పెట్టాలి, క్యూఏ చూడాలి, ఐటీ వాళ్లు క్రియేట్ చేయాలి. ఐడీ వచ్చినా రూటీన్ శాంపిల్ ఇవ్వరు. ముందు మీ పనికి సంబంధించిన ఎస్‌ఓపీలు చదవాలి, వాటి మీద రాత పరీక్ష ఉంటుంది, తర్వాత సీనియర్ పక్కన నిలబడి చేయాలి. చివర్లో అనలిస్ట్ క్వాలిఫికేషన్ అని, అప్పటికే టెస్ట్ చేసి రిజల్ట్ తెలిసిన శాంపిల్ ఒకటి మీ చేతికిస్తారు. మీకొచ్చిన విలువ, పాత విలువ మధ్య తేడా వాళ్లు పెట్టుకున్న హద్దులో ఉంటే మీరు క్వాలిఫై అయినట్టు. టెక్నిక్‌ని బట్టి ఇది విడివిడిగా జరుగుతుంది. హెచ్‌పీఎల్‌సీకి అయిందని జీసీ మీద చేయనివ్వరు, కార్ల్ ఫిషర్ మీద కూడా చేయనివ్వరు.

మీ మేనేజర్ బుర్రలో ఇప్పుడు తిరుగుతున్నది ఇదే. కొత్త మనిషి సోమవారం వస్తున్నాడు, ఏ టెక్నిక్‌లతో మొదలుపెట్టాలి, ఎప్పటికి షిఫ్ట్‌లో వేసుకోవచ్చు. ఇంటర్వ్యూ అయి నెలలు గడిచాయి, మీ రెజ్యూమే ఆయనకి గుర్తుండదు. కాబట్టి మీరు ఏ పరికరాల మీద, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారో రెండు వాక్యాల్లో గుర్తుచేసి, "మొదట దేని మీద క్వాలిఫై అవ్వాలని మీరు అనుకుంటున్నారు" అని అడగండి. పాత చోట ఎంపవర్ వాడి ఇక్కడ క్రొమేలియన్ ఉంటే, ఆ ముక్క ముందే తెలియడం ఇద్దరికీ మేలు. ఆయన ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఆలోచించే క్రమంలోనే మీ ట్రైనింగ్ ప్లాన్ తయారవుతుంది. నా దృష్టిలో మొత్తం మెయిల్‌లో విలువైన ప్రశ్న ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అనుభవం చెప్పేటప్పుడు టెక్నిక్‌లు చెప్పండి, ప్రోడక్ట్‌లు చెప్పకండి. ఒకతను జాయినింగ్‌కి ముందు నాకు రాసిన పరిచయంలో పాత కంపెనీలో ఏ మాలిక్యూల్‌లో ఏ ఇంప్యూరిటీతో ఇబ్బంది పడ్డారో, దాన్ని ఏ కాలమ్ మార్చి విడదీశారో పూసగుచ్చినట్టు రాశాడు. మెప్పించాలనే రాశాడు పాపం. నాకు తట్టింది ఒక్కటే, రెండేళ్ల తర్వాత మా ప్రోడక్ట్‌ల గురించి ఇంకెవరికో ఇలాగే రాస్తాడు. కాన్ఫిడెన్షియాలిటీ అగ్రిమెంట్ మీద మీరు కూడా సంతకం పెట్టే ఉంటారు. "రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, అస్సే టెస్టులు హెచ్‌పీఎల్‌సీ మీద రోజూ చేసేవాడిని" అంటే చాలు, తెలిసినవాడికి అర్థమైపోతుంది.

రెండో ప్రశ్న షిఫ్ట్ గురించి. దీన్ని చాలామంది అడగడానికి మొహమాటపడతారు, పని తప్పించుకోవాలని చూస్తున్నారనుకుంటారేమో అని. అడిగే తీరులో ఉంది అంతా. "నాకు నైట్ షిఫ్ట్ ఉంటుందా సార్" అంటే వద్దన్నట్టు వినిపిస్తుంది. "ట్రైనింగ్ అయ్యేవరకు జనరల్ షిఫ్ట్ అనుకోవచ్చా, ఆ తర్వాత షిఫ్ట్ రోస్టర్‌లోకి ఎప్పటినుంచి వస్తాను" అంటే ప్లాన్ చేసుకుంటున్నారని తెలుస్తుంది. మామూలుగా కొత్తవాళ్లని ట్రైనింగ్ రోజుల్లో జనరల్ షిఫ్ట్‌లోనే ఉంచుతారు, ఎందుకంటే ట్రైనింగ్ ఇచ్చేవాళ్లూ క్యూఏ వాళ్లూ ఆ వేళల్లోనే ఉంటారు. మీరు గాజువాకలో ఉంటున్నారు కాబట్టి బస్సు రూటు కూడా షిఫ్ట్‌ని బట్టే మారుతుంది.

బస్సు మాట వచ్చింది కాబట్టి, ఇక మీరు కన్ఫర్మ్ చేసుకోవాల్సిన వివరాలు. తేదీ, టైమ్ అందరూ అడుగుతారు. పరవాడ విషయంలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ యూనిట్, ఏ గేటు అన్నది. ఇక్కడ చాలా కంపెనీలకి ఫార్మాసిటీలో ఒకటి, అచ్యుతాపురం వైపు ఒకటి అలా యూనిట్లు ఉంటాయి. ఆఫర్ లెటర్ మీద ఉండే అడ్రస్ కొన్నిసార్లు కార్పొరేట్ ఆఫీసుది, మీరు పనిచేసే చోటుది కాదు. 2022లో జిల్లాలు విడగొట్టాక పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, అయినా జనం నోట్లో, చాలా కాగితాల మీద ఇంకా విశాఖపట్నమే. మ్యాప్‌లో కంపెనీ పేరు కొట్టి వచ్చిన మొదటి చుక్క పట్టుకుని బయలుదేరితే ఏ గేటుకి చేరతారో చెప్పలేం. మెటీరియల్ గేటు వేరు, ఉద్యోగుల గేటు వేరు. మొదటి రోజు లారీల క్యూ వెంట నడిచి మెటీరియల్ గేటుకి వెళ్తే వాళ్లు చుట్టూ తిరిగి రమ్మంటారు, అప్పటికే ఇండక్షన్ మొదలైపోతుంది.

గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా కంపెనీ బస్సులు చాలానే తిరుగుతాయి. కానీ ఐడీ కార్డు లేకుండా మొదటి రోజు బస్సు ఎక్కనిస్తారా లేదా అన్నది కంపెనీకో రకం. కొన్నిచోట్ల ఆఫర్ లెటర్ ప్రింట్ చూపిస్తే ఎక్కిస్తారు, కొన్నిచోట్ల డ్రైవర్ ఒప్పుకోడు. ఇది హెచ్‌ఆర్‌కి తెలిసిన విషయం, అందుకే హెచ్‌ఆర్‌ని సీసీలో పెట్టి అడగండి. కుదరదంటే లంకెలపాలెం జంక్షన్ దాకా ఆర్‌టీసీ బస్సు, అక్కడినుంచి లోపలికి ఆటో. పొద్దునపూట ఆ జంక్షన్‌లో లారీల రద్దీ ఉంటుంది కాబట్టి టైమ్ ఎక్కువే చేతిలో పెట్టుకోండి.

గేటు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. చాలా ప్లాంట్లలో ఫోన్ సెక్యూరిటీ దగ్గరే పెట్టేయాలి. "గేటు దగ్గరికి వచ్చి ఫోన్ చేయండి" అని హెచ్‌ఆర్ అంటారు, మీ నంబర్లన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. మెయిల్‌లో "గేటు దగ్గర ఎవరిని కలవాలి, వారి ఎక్స్‌టెన్షన్ నంబర్ ఎంత" అని అడిగి, వచ్చిన జవాబు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. సెక్యూరిటీ వాళ్ల ఇంటర్‌కమ్ నుంచి ఆ ఎక్స్‌టెన్షన్‌కి కొట్టిస్తే పని అయిపోతుంది.

రిలీవింగ్ లెటర్ దగ్గరికి వద్దాం. ఇది మేనేజర్‌కి సంబంధించిన విషయం కాదు, హెచ్‌ఆర్‌ది. అలాగని దాచాల్సిందీ కాదు. మీ చివరి పని రోజు అయిపోయి, లెటర్ మాత్రమే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌తో కలిపి ఇస్తామన్నారంటే, అది చాలా చోట్ల జరిగేదే. హెచ్‌ఆర్‌కి ఈరోజే విడిగా ఒక మెయిల్ పెట్టండి. రాజీనామా ఆమోదిస్తూ చివరి తేదీ రాసిన మెయిల్ జతచేసి, లెటర్ ఏ తేదీకల్లా వస్తుందన్నారో చెప్పి, అప్పటివరకు ఇది సరిపోతుందా అని అడగండి. కొన్ని కంపెనీలు దాంతో జాయిన్ చేసుకుని, లెటర్ ఇవ్వడానికి గడువు రాయించుకుంటాయి. కొన్ని లెటర్ లేనిదే చేర్చుకోవు. రెండోరకం అయితే మీ తేదీ మారుతుంది, అది మాత్రం మేనేజర్‌కి వెంటనే తెలియాలి. మీ వల్ల ఆయన ప్లాన్ మారేదేదైనా ఆయనకి, మిగతా కాగితాలన్నీ హెచ్‌ఆర్‌కి. అంతకుమించి ఆలోచించక్కర్లేదు. సోమవారం సంగతి హెచ్‌ఆర్ నుంచి రాతలో తెలిశాకే మేనేజర్‌కి "సోమవారం జాయిన్ అవుతున్నాను" అని రాయండి. ఒకవేళ గురువారానికి కూడా జవాబు రాకపోతే, "లెటర్ విషయం హెచ్‌ఆర్‌తో మాట్లాడుతున్నాను, తేదీ మారితే వెంటనే తెలియజేస్తాను" అని ఒక్క వాక్యం చేర్చండి.

సెలవుల సంగతి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. వచ్చే నెలలో చెల్లెలి పెళ్లి ఉందనుకోండి, అది ఇంటర్వ్యూలోనే చెప్పి ఉంటే మళ్లీ తేదీలు గుర్తుచేయండి, చెప్పకపోతే ఇప్పుడే చెప్పండి. క్వాలిఫికేషన్ మధ్యలో వారం రోజులు మీరు కనిపించకుండా పోతే ట్రైనింగ్ మళ్లీ మొదటికి రాకపోయినా, మీ పక్కన నిలబడాల్సిన సీనియర్ టైమ్ వృథా అవుతుంది. అయితే అనుమతి అడుగుతున్నట్టు ఒక పెద్ద పేరా వద్దు. తేదీలు చెప్పి, వచ్చాక మాట్లాడతానంటే సరి.

ఇప్పుడు అడగకూడనివి. ఒక మంచి ఉద్దేశంతోనే చాలామంది చేసేది, "చదువుకోవడానికి ఎస్‌ఓపీలు ముందే పంపగలరా సార్" అని అడగడం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇలా అడిగితే మెచ్చుకుంటారేమో. మన దగ్గర ఎస్‌ఓపీ, టెస్ట్ మెథడ్ అన్నీ కంట్రోల్డ్ డాక్యుమెంట్లు, ఇంకా ఉద్యోగి కాని మనిషి పర్సనల్ మెయిల్‌కి అవి పోవు. మూడున్నరేళ్లు క్యూసీలో చేసినవాడు ఇది అడిగితే, పాత చోట డాక్యుమెంట్లు ఎలా చూసుకునేవాడో అని అనుమానం వస్తుంది. దాని బదులు బయట ఎవరికైనా దొరికేవి చదువుకుని రండి. ఐసీహెచ్ గైడ్‌లైన్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. బల్క్ డ్రగ్ కాబట్టి క్యూ7, మెథడ్ వాలిడేషన్‌కి క్యూ2. ఈ క్యూ2 2023లో సవరించారు, పాత ప్రింట్ మీద చదవకండి. మెయిల్‌లో "ఇవి మళ్లీ చూసుకుంటున్నాను, ఇంకేదైనా చూడమంటారా" అని ఒక్క వాక్యం రాస్తే, ఆయన ఏ ఫార్మకోపియా ఛాప్టర్ అయినా చెప్తే చెప్తాడు.

అలాగే "దగ్గర్లో ఆడిట్ ఏమైనా ఉందా" అని రాతలో అడగొద్దు. ఉంటే మొదటి రోజే తెలుస్తుంది, డిపార్ట్‌మెంట్ మొహాలు చూస్తేనే. జీతం ఏ తేదీన పడుతుంది, ప్రొబేషన్ ఎన్నాళ్లు, క్యాంటీన్‌లో ఎంత కట్ చేస్తారు, ఇవన్నీ హెచ్‌ఆర్ ప్రశ్నలు. మెడికల్ విషయాలు కూడా అంతే. జాయినింగ్ మెడికల్‌లో కంటిచూపు, రంగులు గుర్తించడం చూస్తారు, మందుల అలర్జీ ఉందా అని అడుగుతారు. పెన్సిలిన్ లాంటివి పడకపోతే అక్కడ డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. మేనేజర్‌కి మెయిల్‌లో రాయాల్సిన పని లేదు.

ఒక చిన్న విషయం మాత్రం రాయమంటాను, మీ చెప్పుల సైజు, ఏప్రన్ సైజు. సేఫ్టీ షూ లేకుండా చాలా ప్లాంట్లలో ఇండక్షన్ హాల్ దాటి లోపలికి వెళ్లనివ్వరు. స్టోర్‌లో మీ సైజు లేకపోతే ఇండెంట్ పెట్టి తెప్పించేవరకు మీరు ఆఫీస్ గదిలో కూర్చుని ఎస్‌ఓపీలు చదువుతూ ఉంటారు. కళ్లజోడు ఉంటే అదీ చెప్పండి, జోడు మీద పెట్టుకునే రకం సేఫ్టీ గ్లాసెస్ వేరే ఉంటాయి. లెన్స్ వాడేవాళ్లయితే ల్యాబ్‌లోకి ఒప్పుకోకపోవచ్చు, మొదటి రోజు జోడు పెట్టుకునే వెళ్లండి.

మెయిల్ ఇంగ్లీషులోనే పంపుతారు కదా, నేను విషయం వరస ఎలా ఉండాలో తెలుగులో పెడుతున్నాను. మీ మాటల్లో రాసుకోండి, పెద్ద పెద్ద పదాలు వెతకొద్దు. పాత కంపెనీ ఐడీ నుంచి కాకుండా పర్సనల్ మెయిల్ నుంచి, హెచ్‌ఆర్ సీసీలో.

సబ్జెక్ట్: సోమవారం క్యూసీలో జాయినింగ్ – మీ పేరు – వివరాల కన్ఫర్మేషన్

నమస్తే సార్,

వచ్చే సోమవారం మీ టీమ్‌లో క్యూసీ అనలిస్ట్‌గా జాయిన్ అవుతున్నాను. మీ మెయిల్ ఐడీ హెచ్‌ఆర్ వారు ఇచ్చారు. ఆధార్ ప్రకారం నా పూర్తి పేరు ఇది. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంది.

నాకు తెలిసినంతవరకు రిపోర్ట్ చేయాల్సింది పరవాడ యూనిట్‌లో, పొద్దున 8:30కి. ఇది సరైనదేనా, ఏ గేటు దగ్గరికి రావాలి, అక్కడ ఎవరిని కలవాలి, వారి ఎక్స్‌టెన్షన్ నంబర్ ఎంతో తెలియజేయగలరు. గాజువాకలో ఉంటున్నాను, ఐడీ కార్డు వచ్చేలోపు కంపెనీ బస్సు ఎక్కవచ్చా, ఎక్కే పాయింట్ ఎక్కడో హెచ్‌ఆర్ వారు చెప్పగలరు.

పాత ఉద్యోగంలో హెచ్‌పీఎల్‌సీ మీద అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ చేసేవాడిని, సాఫ్ట్‌వేర్ ఎంపవర్. కార్ల్ ఫిషర్, యూవీ కూడా చేశాను. జీసీ మీద అనుభవం తక్కువ.

మీ నుంచి రెండు విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను.
1. మొదట ఏ టెక్నిక్ మీద క్వాలిఫై అవ్వాలని అనుకుంటున్నారు? మీ దగ్గర వాడే సాఫ్ట్‌వేర్ ఏది?
2. ట్రైనింగ్ వరకు జనరల్ షిఫ్ట్ అనుకోవచ్చా? రోస్టర్‌లోకి సుమారుగా ఎప్పటినుంచి వస్తాను?

ఈలోగా ఐసీహెచ్ క్యూ7, క్యూ2 మళ్లీ చూసుకుంటున్నాను. ఇంకేదైనా చూడమంటే చూస్తాను.

షూ సైజు 8, ఏప్రన్ ఎల్ సైజు, కళ్లజోడు వాడతాను.

ధన్యవాదాలు,
మీ పేరు, ఫోన్ నంబర్

ఇందులో రెండు మూడు చోట్ల నేను కావాలనే అలా రాశాను. రిపోర్టింగ్ టైమ్‌ని "ఎన్నింటికి రావాలి" అని అడగలేదు, మీకు తెలిసింది చెప్పి సరైనదేనా అన్నాను. ఫోన్‌లో చదివేవాడు "కరెక్ట్" అని ఒక్క మాట కొడితే అయిపోతుంది, తప్పైతే ఎక్కడ తప్పో కనిపిస్తుంది. 8:30 అన్నది ఉదాహరణకే, మీ ఆఫర్ లెటర్‌లో ఉన్నది పెట్టండి. బస్సు ప్రశ్నని పేరు పెట్టి హెచ్‌ఆర్ వైపు తిప్పాను, లేకపోతే ఇద్దరిలో ప్రతివాడూ రెండోవాడు చెప్తాడులే అనుకుని వదిలేస్తారు. నంబర్లు వేసింది రెండు ప్రశ్నలకి మాత్రమే. పది ప్రశ్నలకి నంబర్లు వేస్తే అది ఫారంలా కనిపిస్తుంది, ఆయన తర్వాత చూద్దాం అని పక్కన పెడతాడు.

"జీసీ మీద అనుభవం తక్కువ" అని రాయడానికి చెయ్యి రాదు, తెలుసు. రాయండి. రెజ్యూమేలో జీసీ అని ఉండి, చేసింది నాలుగైదు రన్‌లే అయితే, మొదటి వారంలోనే రెసిడ్యువల్ సాల్వెంట్స్ మీద కూర్చోబెడతారు. అక్కడ తడబడితే క్వాలిఫికేషన్ ఫెయిల్ అని రికార్డులో పడుతుంది, దానికి కారణం రాయాలి, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి మళ్లీ చేయించాలి. ఆ కాగితం మీ ఫైల్‌లోనే ఉంటుంది. ముందే చెప్తే ఆయన హెచ్‌పీఎల్‌సీతో మొదలుపెట్టి, జీసీకి ఎక్కువ రోజులు వేసుకుంటాడు.

జవాబు రాకపోతే కంగారు పడొద్దు, మళ్లీ మెయిల్ కొట్టొద్దు. సగానికి సగం మెయిళ్లకి మావాళ్లు జవాబివ్వరు, చదివి ఏర్పాటు మాత్రం చేసేస్తారు. శనివారం మధ్యాహ్నం లోపు హెచ్‌ఆర్‌కి ఒక ఫోన్ చేసి గేటు, మనిషి పేరు, బస్సు ఈ మూడే అడగండి. టెక్నిక్, షిఫ్ట్ ప్రశ్నలు సోమవారం ఆయన ముందు కూర్చున్నప్పుడు అడగొచ్చు, మెయిల్ అప్పటికే చదివి ఉంటాడు కాబట్టి మాట అక్కడినుంచే మొదలవుతుంది. జవాబు వస్తే మాత్రం "అందింది సార్, ధన్యవాదాలు" అని అదే మెయిల్‌కి రిప్లై ఇచ్చి, ఆ మెయిల్, ఆఫర్ లెటర్ రెండూ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి. ఆధార్, పాన్, సర్టిఫికెట్ల ఒరిజినల్స్‌తో పాటు జిరాక్స్‌లు, ఫోటోలు, క్యాన్సిల్డ్ చెక్కు, యూఏఎన్ నంబర్ కూడా అదే ఫైల్‌లో ఉంచండి. పీఎఫ్ డిక్లరేషన్ ఫారం 11లో పాత యూఏఎన్ రాయకపోతే పొరపాటున కొత్తది పుట్టుకురావచ్చు, అలా జరిగితే రెండింటినీ కలపడానికి తర్వాత చాలా తిరగాలి.